మైకు ముందు ఎవరి వంతు ఏది?

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ప్రజెంటేషన్ రోజున తరచూ కనిపించే దృశ్యమిది. జట్టులో నలుగురుంటే, చురుగ్గా మాట్లాడే ఒక్కరే మొదటి నుంచి చివరిదాకా చెప్పేస్తారు. మిగతా ముగ్గురూ చేతులు కట్టుకుని పక్కన నిలబడతారు. ఆఖర్న లెక్చరర్ "ఈ అంకె ఎలా వచ్చింది?" అని అడుగుతారు. ఇల్లిల్లూ తిరిగి ఆ అంకె రాసుకొచ్చిన పిల్లవాడికి నోరు పెగలదు. గలగలా మాట్లాడిన అమ్మాయికి జవాబు తెలియదు.

లోపం పిల్లల్లో లేదు, పంపకంలో ఉంది. జట్టులో ఎవరు మెరుగు అని చూసి పని ఇస్తే ఇలాగే అవుతుంది. ఏ పనికి ఎవరు సరిపోతారని చూడాలి.

అది తెలుసుకోవడానికి ఒక పీరియడ్ చాలు. నలుగురికీ ఒకే చార్టు ఇచ్చి, కాగితం చూడకుండా ఒక్కో నిమిషం చెప్పమనండి. మొదటి రెండు వాక్యాలు తడబడకుండా, ఎదుటివాళ్లను చూస్తూ చెప్పింది ఎవరు? చార్టు మీద వేలు పెట్టి, అంకెకు అర్థం చెప్పింది ఎవరు? తోటివాళ్లు చెప్పింది విని రెండు ముక్కల్లో తేల్చింది ఎవరు? నిమిషం కాగానే ఆగింది ఎవరు? ఈ నాలుగు ప్రశ్నలకూ సాధారణంగా ఒకే పేరు జవాబుగా రాదు.

ఒక జట్టును ఊహించుకుందాం. ఊళ్లో తాగునీటి మీద 60 ఇళ్లలో సర్వే చేశారు. 42 ఇళ్లవాళ్లు కుళాయి ఉన్నా డబ్బా నీళ్లు కొంటున్నారని తేలింది. చెప్పడానికి 8 నిమిషాలు ఇచ్చారు. అందులో 7 నిమిషాలే పంచుకుని, ఒక నిమిషం చేతిలో ఉంచుకోవాలి. ప్రొజెక్టర్ మొరాయించినా, మధ్యలో ఎవరైనా ప్రశ్న వేసినా అది ఆదుకుంటుంది.

ధైర్యంగా మాట్లాడే అమ్మాయి ఒకటిన్నర నిమిషంలో మొదలుపెడుతుంది. పేర్లు, కృతజ్ఞతలతో కాదు. "మా ఊళ్లో ఇంటింటికీ కుళాయి ఉంది, అయినా నీళ్లు కొంటున్నారు. ఎందుకు?" అన్న ప్రశ్నతో.

అంకెలు వివరించే పని, వాటిని స్వయంగా లెక్కేసిన పిల్లవాడిది. అతనికి ఇంగ్లిషు అంతగా రాకపోవచ్చు, మాట నెమ్మది కావచ్చు. అందుకే అతనికి ఎక్కువ సమయం, 3 నిమిషాలు ఇవ్వాలి. ఒకే చార్టు, ఒకే వరస: ముందు ఏ గీత దేన్ని చూపిస్తుందో, తర్వాత ముఖ్యమైన ఒక్క అంకె, ఆ తర్వాత దాని అర్థం. "మేం 60 గడపలు తొక్కాం. ఈ పొడవు గీత 42 ఇళ్లు. అంటే పది ఇళ్లలో ఏడు నీళ్లు కొంటున్నాయి." ఇది బట్టీపట్టిన మాట కాదు, చేసిన పని. కాబట్టి ప్రశ్న వచ్చినా బెదరడు.

ముగించేవారికి గొంతు కంటే చెవి ముఖ్యం. ముందు ముగ్గురు ఏం చెప్పారో విని, అప్పటికప్పుడు సర్దుకోవాలి. అందుకని ముగింపును ఒకటిన్నర నిమిషానికి ఒకటి, 40 సెకన్లకు ఒకటి, రెండు రకాలుగా సిద్ధం చేసుకోవాలి. సమయం తరిగిపోతే పొట్టిది చెబుతారు.

ఇక సమయం చూసే పని. చాలా జట్లలో ఇది బిడియస్తులను పక్కన కూర్చోబెట్టే సాకుగా మారుతుంది. ఆ పిల్లకు మాట్లాడే వంతు కూడా ఉండాలి. సర్వే ఎలా చేశారో ఒక నిమిషంలో, రెండో వంతుగా ఆమే చెప్పాలి. ఆ నిమిషం గడియారం మొదట మాట్లాడిన అమ్మాయి చేతిలో ఉంటుంది. తర్వాత ఆమె ముందు బెంచీలో, మాట్లాడేవారికి ఎదురుగా కూర్చుని, ఒక నిమిషం మిగిలిందనగా పసుపు అట్ట, అయిపోగానే ఎర్ర అట్ట చూపిస్తుంది. ఎర్ర అట్ట చూడగానే నడుస్తున్న వాక్యం పూర్తిచేసి ఆపాలని ముందే ఒప్పుకోకపోతే ఆ అట్టకు విలువుండదు.

జట్టు తడబడేది ఎక్కువగా ఒకరి నుంచి ఒకరికి మాట మారే చోటే. "ఇప్పుడు మా ఫ్రెండ్ చెబుతాడు" అనగానే తెగిపోతుంది. "ఎన్ని ఇళ్లు కొంటున్నాయో ఈ చార్టులో చూద్దాం" అంటే అతను నేరుగా అందుకుంటాడు. అన్నిటికంటే ముందు ఈ మూడు అతుకులనే సాధన చేయించాలి.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదముంది. ఒకసారి ఇచ్చిన పాత్ర పిల్లల మీద ముద్రగా పడిపోతుంది. మూడేళ్లూ గడియారమే పట్టుకున్న పిల్ల మాట్లాడటం నేర్చుకోదు. కాబట్టి మార్కులు పడే రోజున బలాన్ని బట్టి పాత్ర ఇవ్వండి. మార్కుల్లేని తరగతి రిహార్సల్లో ఒక్కొక్కరి పాత్ర పక్కవారికి మార్చండి. ఆ రోజు ఎవరైనా జ్వరంతో రాకపోయినా పని ఆగదు. పైగా, తర్వాతి ప్రాజెక్టుకు నిమిషం పరీక్ష మళ్లీ పెడితే, కిందటిసారి గడియారం పట్టుకున్న పిల్లే మొదలుపెట్టడానికి సరిపోతుందని తేలవచ్చు.