జీతం సర్టిఫికెట్ అడిగే ముందు

‘సార్, నాకు శాలరీ సర్టిఫికెట్ కావాలి’ అని ఒక్క లైను మెయిల్ పెడితే హెచ్‌ఆర్ వాళ్లు పాత నమూనాలో పేరు మార్చి ఇచ్చేస్తారు. తంటా అక్కడే మొదలవుతుంది.

హైదరాబాద్‌లోని ఒక ఉద్యోగి షెంజెన్ వీసాకు ఫ్రాన్స్ వెళ్లాలనుకున్నాడనుకుందాం. ఆఫీసు రికార్డులో అతని ఇంటిపేరు ఒక్క అక్షరమే; పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. మన తెలుగువాళ్లకిది మామూలే. అందుకే పాస్‌పోర్టులో ఉన్న పేరు, నంబరు అభ్యర్థనలోనే రాసి, కాపీ జతచేయాలి. హోదా, చేరిన తేదీ, ఎవరికి సమర్పించాలో, ఎప్పటిలోగా కావాలో చెప్పాలి. మంజూరైన సెలవు తేదీలూ లేఖలో ఉండాలని అడగాలి.

ఇక జీతం. నెలకు మొత్తం 60,000. అందులో పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200 పోతే చేతికొచ్చేది 58,000. లేఖలో మొదటి అంకె ఒక్కటే ఉండి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రెండోది కనిపిస్తే ప్రశ్నలు వస్తాయి. రెండూ, మధ్యలో కోతలూ విడిగా చూపమని కోరాలి.

అదే గృహరుణానికైతే సెలవు ఊసు అనవసరం. ఉద్యోగం పర్మినెంటా, కాంట్రాక్టా అన్నదీ, ఆఫీసు అప్పుల కోతలేమైనా ఉన్నాయా అన్నదీ బ్యాంకు చూస్తుంది. లెటర్‌హెడ్, తేదీ, సంతకం చేసినవారి హోదా, ఫోన్ నంబరు రెండింటికీ తప్పవు.