అప్పు తగ్గితే బీటా ఎంత?

షేర్ల గురించి రాసే ప్రతి వెబ్‌సైట్‌లోనూ, బ్రోకరేజి సంస్థల రిపోర్టుల్లోనూ కంపెనీ పేరు పక్కన ‘బీటా’ అని ఒక అంకె కనిపిస్తుంది. నిఫ్టీ లాంటి సూచీ ఒక శాతం కదిలితే ఆ షేరు సగటున ఎంత శాతం కదులుతుందో చెప్పే కొలత అది. బీటా 1.35 అంటే మార్కెట్ 10 శాతం పడినప్పుడు ఆ షేరు సుమారు 13.5 శాతం పడే స్వభావం ఉన్నదని అర్థం. చాలామంది దీన్ని కంపెనీ పుట్టుకతో వచ్చిన గుణంగా చూస్తారు. కానీ ఈ ఒక్క అంకెలో రెండు రిస్కులు కలిసి ఉంటాయి. ఒకటి కంపెనీ చేసే వ్యాపారానిది, రెండోది ఆ వ్యాపారం కోసం తెచ్చిన అప్పుది. అప్పు మారిన రోజున వ్యాపారం అలాగే ఉన్నా షేరు బీటా మారిపోతుంది. అందుకే పాత బీటాలోంచి పాత అప్పు ప్రభావాన్ని తీసేసి, కొత్త అప్పు ప్రభావాన్ని కలపాలి. మొదటి పనిని అన్‌లెవరింగ్ అనీ, రెండోదాన్ని రీలెవరింగ్ అనీ అంటారు.

అప్పు రిస్కును ఎలా పెంచుతుంది?

ఒక సిమెంట్ కంపెనీని ఊహించుకుందాం. దాని షేర్లన్నిటి మార్కెట్ విలువ 6,000 కోట్లు, అప్పు 4,000 కోట్లు. మొత్తం 10,000 కోట్లు. ఇందులో పన్ను వల్ల వచ్చిన విలువ కొంత ఉంది. కంపెనీ కట్టే వడ్డీని ఖర్చు కింద చూపిస్తుంది కాబట్టి ఆ మేరకు ఆదాయపు పన్ను తగ్గుతుంది. మన దేశంలో 22 శాతం రేటును ఎంచుకున్న కంపెనీలకు సర్‌చార్జి, సెస్సు కలిపితే పన్ను 25.17 శాతం అవుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి 25 శాతం అనుకుందాం. అప్పు ఎప్పటికీ ఇంతే ఉంటుందనుకుంటే, ఏటా మిగిలే పన్ను మొత్తానికి నేటి విలువ అప్పులో నాలుగో వంతు, అంటే 1,000 కోట్లు. దాన్ని తీసేస్తే ఫ్యాక్టరీలు, గనులు, అమ్మకాలతో నడిచే అసలు వ్యాపారం విలువ 9,000 కోట్లు.

సిమెంట్ గిరాకీ తగ్గి వ్యాపారం విలువ 10 శాతం పడిపోయిందనుకోండి. నష్టం 900 కోట్లు. అప్పిచ్చిన బ్యాంకు తన 4,000 కోట్లలో ఒక్క రూపాయీ వదులుకోదు. నష్టమంతా 6,000 కోట్ల షేర్ల మీదే పడుతుంది. వ్యాపారం 10 శాతం పడితే వాటాదారుడికి 15 శాతం పోయింది. అంటే వ్యాపారం ఊపు వాటాదారుడి దగ్గరికి ఒకటిన్నర రెట్లయి చేరుతోంది.

ఈ ఒకటిన్నర అనే గుణకాన్నే షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ హమాడా సూత్రంగా కట్టారు. మోడిగ్లియాని, మిల్లర్ అప్పు–పన్ను గురించి చేసిన సిద్ధాంతాన్ని, షేరు రిస్కును బీటాతో కొలిచే పద్ధతితో కలిపి ఆయన 1972లో పరిశోధన ప్రచురించారు. న్యూయార్క్ ఎక్స్ఛేంజిలోని 304 కంపెనీలను పరిశీలించి, షేర్లలో కనిపించే మార్కెట్ రిస్కులో సగటున 21 నుంచి 24 శాతం దాకా కేవలం అప్పు వల్ల వచ్చిందేనని అంచనా వేశారు. ఆయన సూత్రం ఇది:

షేరు బీటా = వ్యాపార బీటా × [1 + (1 − పన్ను రేటు) × (అప్పు ÷ షేర్ల మార్కెట్ విలువ)]

మన కంపెనీకి అప్పును షేర్ల విలువతో భాగిస్తే 0.67 వస్తుంది. దాన్ని 0.75తో గుణిస్తే 0.5, ఒకటి కలిపితే 1.5. ఇందాక నష్టం లెక్కలో వచ్చిన ఒకటిన్నరే ఇది.

తీయడం, కలపడం

ఈ కంపెనీ షేరు బీటా 1.35 అని మార్కెట్ చెబుతోంది. దాన్ని 1.5తో భాగిస్తే 0.90 వస్తుంది. అప్పే లేకపోతే ఈ షేరుకు ఉండే బీటా అది. ఇది సిమెంట్ వ్యాపారం తాలూకు సొంత రిస్కు. ఇక్కడికి అన్‌లెవరింగ్ అయిపోయింది.

ఇప్పుడు కంపెనీ రైట్స్ ఇష్యూ ద్వారా పాత వాటాదారుల నుంచే 2,000 కోట్లు తెచ్చి, అప్పులో సగం తీర్చేసింది. మిగిలిన అప్పు 2,000 కోట్లు. పన్ను ఆదా విలువ 1,000 కోట్ల నుంచి 500 కోట్లకు తగ్గింది. కాబట్టి షేర్ల విలువ 8,000 కోట్లు కాదు, 7,500 కోట్ల దగ్గర నిలుస్తుంది. వ్యాపారం విలువ మాత్రం అదే 9,000 కోట్లు. మళ్లీ 10 శాతం పడితే నష్టం అదే 900 కోట్లు, కానీ ఇప్పుడది 7,500 కోట్ల మీద పడుతుంది. అంటే 12 శాతం. గుణకం 1.5 నుంచి 1.2కు దిగింది. వ్యాపార బీటా 0.90ని 1.2తో గుణిస్తే 1.08. అప్పు తగ్గాక షేరుకు ఉండాల్సిన బీటా ఇదే.

ఆ తేడా ఎక్కడ తగులుతుంది?

ఫ్యాక్టరీ విస్తరణకు కంపెనీ బోర్డు సిద్ధమైంది. పెట్టుబడి మీద ఏటా 12.5 శాతం రాబడి వస్తుందని అంచనా. ఒప్పుకోవాలా, వద్దా? దానికి ముందు కంపెనీ పెట్టుబడి ఖర్చు తెలియాలి.

ప్రభుత్వ బాండ్ల మీద 7 శాతం వస్తుందని, షేర్ల రిస్కుకు అదనంగా 6 శాతం ఆశిస్తారని అనుకుందాం. బీటా 1.08 అయితే వాటాదారులు కోరే రాబడి 7కు, 6ను 1.08తో గుణించి కలిపితే సుమారు 13.5 శాతం. అప్పు మీద వడ్డీ 8 శాతం, పన్ను పోను 6. రెండిటినీ వాటి పాళ్లలో కలిపితే సగటు ఖర్చు 11.9 శాతం. ప్రాజెక్టు రాబడి అంతకంటే ఎక్కువ, ఒప్పుకోవచ్చు.

బీటాను సవరించకుండా పాత 1.35నే వాడితే? వాటాదారుల రాబడి 15.1 శాతం అవుతుంది, సగటు ఖర్చు 13.2 శాతానికి ఎగబాకుతుంది. మంచి ప్రాజెక్టును తోసిపుచ్చినట్టే. అప్పు తీర్చకముందు, వడ్డీ 9 శాతం ఉన్నప్పుడు కూడా ఈ ఖర్చు 11.8 శాతమే. వ్యాపారం మారకుండా, అప్పు సగానికి దించుకున్నంత మాత్రాన పెట్టుబడి ఖర్చు ఒకటిన్నర శాతం పెరగడం అసాధ్యం. అలాంటి ఫలితం వస్తే బీటా సవరణ మరిచారనే అర్థం.

జారే చోట్లు

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు కాలానికి సంబంధించినది. బీటాను సాధారణంగా ఐదేళ్ల నెలవారీ ధరలతోనో, రెండేళ్ల వారపు ధరలతోనో కొలుస్తారు. అది ఆ కాలమంతా ఉన్న అప్పును ప్రతిబింబిస్తుంది. మన కంపెనీ రైట్స్ ఇష్యూ పోయిన నెలలోనే ముగిసిందనుకోండి. ఎవరైనా ఈరోజు బ్యాలెన్స్ షీట్ చూసి 1.35ను కొత్త గుణకం 1.2తో భాగించి, తిరిగి 1.2తోనే గుణిస్తే మళ్లీ 1.35 దగ్గరికే వస్తారు. సవరించామన్న తృప్తి తప్ప జరిగిందేమీ లేదు. తీసేటప్పుడు బీటా కొలిచిన కాలంలోని సగటు అప్పు, కలిపేటప్పుడు ఇకమీదట ఉండబోయే అప్పు వాడాలి. రెండు చోట్లా షేర్లకు బ్యాలెన్స్ షీట్లోని పుస్తక విలువ కాకుండా మార్కెట్ విలువే తీసుకోవాలి. నష్టాన్ని భరించేది ఆ విలువే కదా.

2020లో రిలయన్స్ ఇండస్ట్రీస్ విషయంలో ఇలాంటి సందర్భమే వచ్చింది. ఆ ఏడాది మార్చి ఆఖరుకు చేతిలోని నగదు పోను 1,61,035 కోట్ల అప్పు ఉన్న కంపెనీ, 58 రోజుల్లో 1,68,818 కోట్లు సమీకరించి నికర అప్పు లేని స్థితికి చేరామని జూన్‌లో ప్రకటించింది. ఆ తర్వాతి నెలలో ఐదేళ్ల ధరలతో కొలిచిన బీటాలో దాదాపు అన్ని నెలలూ అప్పున్న కాలానివే. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ మొత్తంలో 53,124 కోట్లు రైట్స్ ఇష్యూవి, మిగిలినవి జియో ప్లాట్‌ఫామ్స్‌లో వాటాలు అమ్మగా వచ్చినవి. రైట్స్ ఇష్యూ అప్పును మాత్రమే మారుస్తుంది. జియో వాటా అమ్మితే రిలయన్స్ వాటాదారులకు టెలికాం వ్యాపారంలో ఉన్న పాలు తగ్గుతుంది, అంటే వ్యాపార బీటాయే కదులుతుంది. హమాడా సూత్రం మొదటిదాన్ని సరిచేస్తుంది, రెండోదాన్ని చూడలేదు. ఆస్తులు అమ్మి అప్పు తీర్చిన ప్రతి కంపెనీకీ ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అప్పుకూ రిస్కు ఉంటే

బ్యాంకు ఒక్క రూపాయీ వదులుకోదని ఇందాక అనుకున్నాం. అప్పు తక్కువగా ఉన్నప్పుడు అది నిజానికి దగ్గరే. కానీ ప్రభుత్వం 7 శాతం ఇస్తుంటే ఈ కంపెనీ 9 శాతం కట్టిందంటే, అప్పిచ్చినవాళ్లూ కొంత రిస్కు మోస్తున్నట్టే. ఆ మేరకు అప్పుకూ చిన్న బీటా ఉంటుంది. పాత అప్పుకు 0.2, తగ్గిన అప్పుకు 0.1 అనుకుని లెక్క కడితే వ్యాపార బీటా 0.97, కొత్త షేరు బీటా 1.14 వస్తాయి. వాటాదారుల మీద మొదట మోపిన రిస్కులో కొంత బ్యాంకుల వాటా అని తేలింది కనుక, అప్పు తీరాక తగ్గుదల కూడా అంత ఉండదు. అప్పు ఎంత భారీగా ఉంటే ఈ సవరణ అంత అవసరం.

రెండో సందేహం పన్ను మీద. అప్పు మొత్తం ఎప్పటికీ మారదనే ఊహతో హమాడా సూత్రం నడుస్తుంది. కొన్ని కంపెనీలు అలా కాకుండా, వ్యాపారం విలువ పెరిగితే అప్పు పెంచుతూ, పడితే తగ్గిస్తూ ఒకే నిష్పత్తిని కాపాడుకుంటాయి. అప్పుడు పన్ను ఆదా కూడా వ్యాపారంతో పాటే ఊగుతుంది. కాబట్టి సూత్రంలోంచి (1 − పన్ను రేటు) అన్న భాగాన్ని తీసేస్తారు. మన కంపెనీకి అలా చేస్తే వ్యాపార బీటా 0.81, కొత్త షేరు బీటా 1.03. ఏ సూత్రమైనా సరే, తీయడానికీ కలపడానికీ ఒకటే ఉండాలి. ఒక సూత్రంతో తీసి 0.81 తెచ్చుకుని, రెండో సూత్రపు గుణకం 1.2తో కలిపితే 0.97 వస్తుంది. ఆ అంకెకు ఏ సిద్ధాంతమూ అండగా నిలవదు.

ఒక్క షేరు ధరల నుంచి కొలిచిన బీటాలో అంచనా దోషం కూడా తక్కువేమీ కాదు. అందుకే అనుభవం ఉన్న విశ్లేషకులు అదే వ్యాపారంలోని ఐదారు కంపెనీలను తీసుకుని, ఒక్కోదానికి దాని సొంత అప్పును తీసేసి, వచ్చిన వ్యాపార బీటాల్లో మధ్య విలువను తీసుకుంటారు. దానికి తమ కంపెనీ అప్పును కలుపుతారు.

మరి 1.03, 1.08, 1.14లో ఏది సరైనది? కంపెనీ అప్పును ఎలా నడుపుతుంది, అప్పిచ్చినవాళ్లు ఎంత రిస్కు మోస్తున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ బోర్డు ముందున్న ప్రశ్నకు ఆ తగువు తేలక్కర్లేదు. మూడిటితోనూ సగటు పెట్టుబడి ఖర్చు 11.7 నుంచి 12.2 శాతం మధ్యే ఉంటుంది, 12.5 శాతం రాబడి దాన్ని దాటుతుంది. ‘వద్దు’ అని చెప్పేది సవరించని 1.35 ఒక్కటే.