పన్ను మేమే కడతామంటే బిల్లు ఎంతవుతుంది?

హైదరాబాద్ కంపెనీ ఒకటి సింగపూర్ సంస్థ నుంచి సాఫ్ట్‌వేర్ కొన్నదనుకుందాం. సోర్స్ కోడ్‌ను మార్చుకుని, కాపీలు తీసి అమ్ముకునే హక్కు కూడా లైసెన్సులో ఉంది కాబట్టి చెల్లించే సొమ్ము రాయల్టీ అవుతుంది. భారత్-సింగపూర్ పన్ను ఒప్పందం ప్రకారం దాని మీద 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. కానీ అమ్మిన సంస్థ, 'పన్నులు పోను మా చేతికి 9 లక్షల రూపాయలు రావాలి' అని ఒప్పందంలో రాయించుకుంది. అంటే పన్ను భారం కొన్నవారిదే.

చాలామంది ఇక్కడే పొరబడతారు. 9 లక్షల మీద 10 శాతం, అంటే 90,000 కట్టేసి పని అయిపోయిందనుకుంటారు. అమ్మినవారి తరఫున మనం కట్టే పన్ను కూడా వారికి చెందిన ఆదాయమేనని చట్టం చెబుతోంది. అందుకే పన్ను తీసేశాక 9 లక్షలు మిగిలే మొత్తం ఎంతో వెనక్కి లెక్కకట్టాలి. 9,00,000ను 0.90తో భాగిస్తే 10 లక్షలు వస్తుంది. దాని మీద పన్ను లక్ష. 90,000 కట్టినవారు 10,000 తక్కువ కట్టినట్టే. ఆ తేడాకు వడ్డీ కూడా పడుతుంది.

పుస్తకాల్లో సాఫ్ట్‌వేర్ ఖాతాకు 10 లక్షలు డెబిట్ చేసి, సింగపూర్ సంస్థకు 9 లక్షలు, చెల్లించాల్సిన టీడీఎస్ ఖాతాకు లక్ష క్రెడిట్ చేయాలి. ఆ లక్ష కూడా సాఫ్ట్‌వేర్ ధరలో భాగమే. కొందరు సాఫ్ట్‌వేర్‌కు 9 లక్షలే రాసి, లక్షను సింగపూర్ సంస్థ లెడ్జర్‌లో డెబిట్ వేస్తారు. దాంతో 9 లక్షలు పంపేశాక కూడా, వాళ్లే మనకు లక్ష బాకీ ఉన్నట్టు ఏడాది చివరిదాకా కనబడుతుంది. పొరపాటును పట్టించే గుర్తు అదే.

ఒప్పందం రేటు వర్తించాలంటే అమ్మిన సంస్థ తన దేశపు పన్ను నివాస ధ్రువపత్రం, నిర్ణీత ఫారం ఇవ్వాలి. అవి లేకపోతే మన దేశపు రేటు 20 శాతం, సెస్సుతో 20.8 శాతం పడుతుంది. అప్పుడు 9 లక్షలను 0.792తో భాగించాలి. మొత్తం 11,36,364 అవుతుంది, అందులో పన్నే 2,36,364. రెండు కాగితాలు రాక ఖర్చు తడిసి మోపెడవుతుంది!

అసలు పన్ను పడుతుందా అన్నది ముందే చూసుకోవాలి. కాపీరైటు హక్కులేవీ ఇవ్వకుండా వాడుకోవడానికి మాత్రమే అమ్మిన రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ధర, పన్ను ఒప్పందాల ప్రకారం రాయల్టీ కాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 2న తీర్పునిచ్చింది. అలాంటి కొనుగోలుకు ఈ లెక్కే అక్కర్లేకపోవచ్చు.

పన్ను కట్టాక ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్‌లో 10 లక్షల ఆదాయం, లక్ష పన్ను కనిపిస్తాయి. దాన్ని చూపి అమ్మిన సంస్థ తన దేశంలో ఆ పన్నుకు క్రెడిట్ అడగవచ్చు. భారం మనది, ప్రయోజనం వారిది. కాబట్టి సంతకం పెట్టకముందే ఆ క్రెడిట్‌లో వాటా అడగండి, లేదా ధర తగ్గించమనండి.