ఒకే మాటకు ఒకే తీర్పు

కంప్యూటరుకు మానవభాష నేర్పే ప్రక్రియలో మనుషులు స్వయంగా చేయవలసిన పని ఒకటుంది. వందల, వేల వాక్యాలను చదివి, ప్రతి వాక్యానికీ ముందుగా నిర్ణయించిన గుర్తులలో ఒకదానిని కేటాయించడమే ఆ పని. దీనిని డేటా లేబులింగ్ అని వ్యవహరిస్తారు. ఆ గుర్తులను ఆధారంగా చేసుకొనే యంత్రం తనకు తెలియని కొత్త వాక్యాలను అంచనా వేయడం నేర్చుకొంటుంది. పని అప్పగించినవారు గుర్తులు వేసేవారికి ఒక మార్గదర్శక పత్రాన్ని కూడా ఇస్తారు. పని చేసేచోట దానిని గైడ్‌లైన్స్ అంటారు. దానిని ఎలా ఉపయోగించుకోవాలో ఒక ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం.

సెల్‌ఫోన్లు కొన్నవారు తెలుగులో రాసిన అభిప్రాయాలు ఆరువందలు ఒక యువతికి అప్పగించారనుకొందాం. ప్రతి అభిప్రాయానికీ అనుకూలం, ప్రతికూలం, మిశ్రమం, తటస్థం అనే నాలుగు గుర్తులలో ఒకటి వేయాలి. రోజుకు 200 చొప్పున మూడు రోజుల పని. మొదటి రోజు ఉదయం ఆమెకు “ఫోను ఫరవాలేదు” అనే వాక్యం ఎదురైంది. ఇందులో పొగడ్త లేదు, తెగడ్త లేదు అని తలచి, తటస్థం అని గుర్తు వేసింది. మూడవ రోజు మధ్యాహ్నం అదే వాక్యం మళ్లీ వచ్చింది. అప్పటికి ఆమె వరుసగా ఎన్నో ఫిర్యాదులు చదివి ఉంది. తెర పగిలిందని, ఫోను కాలిపోతోందని, సొమ్ము వృథా అయిందని రాసినవారి మధ్య ఈ వాక్యం ఆమెకు మెప్పుగా వినిపించింది. ఈసారి అనుకూలం అని వేసింది.

ఈ రెండింటిలో ఏది తప్పు అని అడిగితే సమాధానం సులభం కాదు. ఆ మాటలోనే రెండు అర్థాలున్నాయి. జ్వరం నుండి కోలుకొంటున్న వ్యక్తి “ఇప్పుడు ఫరవాలేదు” అంటే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. సినిమా చూసి వచ్చినవాడు “ఫరవాలేదు” అంటే విన్నవారు టికెట్టు కొనడానికి వెనుకాడతారు. కాబట్టి తీర్పు మాట నుండి గాని, ఆనాటి మనఃస్థితి నుండి గాని రాకూడదు; పత్రం నుండి రావాలి. ఒకే వాక్యం రెండు గుర్తులతో చేరినప్పుడు యంత్రానికి ఆ మాట విషయంలో అయోమయం తప్ప వేరేమీ అందదు.

మార్గదర్శక పత్రంలో సాధారణంగా మొదట నిర్వచనాలుంటాయి. ఆ తరువాత ఉదాహరణలు, చివర సందిగ్ధ సందర్భాలకు సంబంధించిన నియమాలు ఉంటాయి. చాలామంది నిర్వచనాలు చదివి పనిలోకి దిగుతారు. నిజానికి ‘అనుకూలం’ అంటే ఏమిటో చదవకపోయినా తెలుస్తుంది; తెలియనిదంతా ఆ చివరి భాగంలోనే ఉంటుంది. ఈ ఉదాహరణలోని పత్రం నాలుగవ నియమం ఇలా చెబుతోందనుకొందాం: నడిమిరకపు మాట ఒంటరిగా వస్తే తటస్థం, దాని పక్కన కారణం చెబితే, ఆ కారణాన్నిబట్టి గుర్తు. దీని ప్రకారం “ఫోను ఫరవాలేదు” ఏ రోజైనా తటస్థమే. “ఫరవాలేదు, ఛార్జింగు రెండు రోజులు నిలుస్తోంది” అనేది అనుకూలం.

నియమాలు తెలిసినంత మాత్రాన సరిపోదు. వాటిని ప్రతిసారీ ఒకే వరుసలో అన్వయించాలి. ఈ వాక్యాలను చూడండి: “పార్సెలు వారం ఆలస్యంగా వచ్చింది. పెట్టె నలిగిపోయింది. ఫోను మాత్రం ఫరవాలేదు.” తొందరపడి చదివినవారు దీనికి మిశ్రమం అని వేస్తారు. కాని వస్తువును గురించిన అభిప్రాయాన్ని మాత్రమే లెక్కించాలని పత్రంలోని మొదటి నియమం చెబుతోందనుకొందాం. అప్పుడు మొదటి రెండు వాక్యాలు పార్సెలు తెచ్చినవారికి చెందుతాయి గనుక తొలగిపోతాయి. మిగిలిన వాక్యంలో కారణం లేదు. నాలుగవ నియమాన్నిబట్టి అది తటస్థం. మొదట ‘ఇది దేనిని గురించి?’ అని, తరువాత ‘కారణం ఉందా?’ అని అడిగినందువల్లనే ఈ తీర్పు వచ్చింది. వరుస మారితే తీర్పు మారుతుంది.

పత్రం పలకని సందర్భాలు కూడా వస్తాయి. రెండవ రోజు ఆమెకు “ధరకు ఫరవాలేదు” అనే వాక్యం కనిపించింది. ధరను ప్రస్తావించడం కారణం చెప్పడమా, కాదా? నియమంలో లేదు. ఇటువంటి చోట సొంత నియమం కల్పించుకొని ముందుకు సాగిపోవడమే పెద్ద ప్రమాదం. అలా కల్పించుకొన్న నియమం సాయంత్రానికి గుర్తుండదు. గుర్తున్నా, ఇదే పని చేస్తున్న మరొకరికి తెలియదు. ఆమె ఆ వాక్యానికి సందేహ సూచన పెట్టి, తన పుస్తకంలో వాక్యం సంఖ్య, వాక్యం, తాను చూసిన నియమం, తనకు తోచిన గుర్తు రాసుకొని, పర్యవేక్షకుడిని అడిగింది. ధర ప్రస్తావనను కారణంగానే భావించి అనుకూలం వేయాలని సమాధానం వచ్చింది. పత్రంలో ఆ తేదీతో కొత్త వాక్యం చేరింది.

అక్కడితో పని ముగియదు. అంతకుముందే గుర్తులు వేసిన వాక్యాలలో ఇటువంటివి ఉంటే వాటిని వెతికి సరిచేయాలి. ఇక్కడ తెలుగు రాతకు సంబంధించిన చిక్కు ఒకటుంది. జనం ఈ మాటను ఫరవాలేదు, ఫర్వాలేదు, పరవాలేదు, పర్వాలేదు అని నాలుగు విధాల రాస్తారు. ధరకు బదులు రేటుకు అని రాసేవారూ ఉన్నారు. ఒక్క రూపాన్నే వెతికితే మిగిలినవి పాత తీర్పుతోనే ఉండిపోతాయి.

నిలకడ తప్పిందని ఎలా తెలుస్తుంది? మొదటి రోజు చేసినవాటిలో 30 వాక్యాలను ఏరి, పాత గుర్తులు కనపడకుండా చివరి రోజున మళ్లీ గుర్తులు వేయాలి. రెండూ కలవని వాక్యాలను పక్కపక్కన పెడితే తప్పు ఎక్కడ జరుగుతున్నదో బయటపడుతుంది. అవి అక్కడక్కడా చెదిరి ఉంటే అలసట కావచ్చు. ఒకే నియమం దగ్గర గుమిగూడితే ఆ నియమం సరిగా అర్థం కాలేదనో, అది స్పష్టంగా లేదనో గ్రహించాలి.

ఇద్దరి గుర్తులను పోల్చేటప్పుడు మాత్రం శాతాన్ని చూసి మురిసిపోరాదు. గుర్తులు అనుకూలం, ప్రతికూలం అని రెండే ఉన్న మరొక పనిని తీసుకొందాం. 100 వాక్యాలలో ఇద్దరూ చెరి 80 వాక్యాలకు అనుకూలం వేశారు. 84 చోట్ల ఇద్దరి గుర్తులూ కలిశాయి. అయితే వాక్యాలు చదవకుండా అదే పాళ్లలో గుడ్డిగా గుర్తులు వేసినా సుమారు 68 చోట్ల కలుస్తాయి. యాదృచ్ఛికంగా కలవనివి 32. వాటిలో వీరు సాధించినది 16, అంటే సగమే. ఈ లెక్కను జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించాడు. దీనిని కోహెన్ కప్పా అంటారు. ఇక్కడ దాని విలువ 0.5.

ఈ లెక్కలు నిలకడను కొలుస్తాయే గాని సత్యాన్ని కొలవవు. నియమమే లోపభూయిష్ఠమైతే అందరూ కలసి ఒకే తప్పు చేస్తారు, కప్పా విలువ మాత్రం ఎక్కువగానే ఉంటుంది. అటువంటి నియమం ఎదురైనప్పుడు ఆమె దానిని ఎందుకు ఒప్పుకోలేకపోతున్నదో రాసి పైకి పంపుతుంది. సమాధానం వచ్చేవరకు ఉన్న నియమం ప్రకారమే గుర్తు వేస్తూ, ఆ వాక్యాల సంఖ్యలను పుస్తకంలో రాసి ఉంచుతుంది. నియమం మారిననాడు ఆరువందలూ తిరిగి చదవనక్కరలేకుండా, ఆ వాక్యాలను మాత్రమే దిద్దుకోవచ్చు.