మూఢం నెలను మామూలు నెలగా లెక్కేస్తే

కొత్త ఆర్థిక సంవత్సరం వస్తోందంటే పట్టుచీరల షాపులో ఒకటే ప్రశ్న: ఏప్రిల్, మే, జూన్‌లకు ఎంత సరుకు తెప్పించాలి? బిల్లుల్లో రెండేళ్ల అమ్మకాలు నెలవారీగా ఉంటే దీనికి పాత, నమ్మకమైన లెక్క ఒకటుంది. కాకపోతే మన పంచాంగం దాన్ని ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో తెలిసి ఉండాలి. 2023 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా అమ్మకాలున్న షాపు ఒకటి అనుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే.

మొదటి ఏడాది 4,800 చీరలు అమ్ముడయ్యాయి, అంటే నెలకు సగటున 400. రెండో ఏడాది 5,040, నెలకు 420. నెలవారీ సగటు ఏడాదికి 20 చీరల చొప్పున మెల్లగా పెరుగుతోంది. ఈ పెరుగుదలను సీజన్ హెచ్చుతగ్గుల నుంచి విడదీయడానికే చలన సగటు. ఏ పన్నెండు నెలలు తీసుకున్నా అందులో ఒక శ్రావణం, ఒక దసరా, ఒక వేసవి ఉంటాయి కాబట్టి ఆ సగటులో సీజన్ కలిసిపోయి, వ్యాపారం అసలు స్థాయి మిగులుతుంది. పన్నెండు సరిసంఖ్య కనుక సగటు సరిగ్గా ఒక నెల మీద కూర్చోదు, రెండు నెలల మధ్య పడుతుంది. అందుకే పదమూడు నెలలు తీసుకుని, ఆ చివరా ఈ చివరా ఉన్న నెలల్లో సగమే కలుపుతారు. ఏప్రిల్ 2023 అమ్మకం షీట్‌లో B2లో ఉంటే, మే 2024కు సూత్రం ఇది:

```
=(0.5*B9+SUM(B10:B20)+0.5*B21)/12
```

సగటు 410 వచ్చిందనుకోండి. ఆ మేలో నిజంగా అమ్మింది 205. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.50. అదే మే సీజన్ సూచిక. మామూలు నెలలో సగమే అమ్ముతామని దాని అర్థం.

పెళ్లిళ్ల షాపుకు మేలో సగం వ్యాపారమా? అనుమానించాల్సిందిక్కడే. 2024లో ఏప్రిల్ నెలాఖరు నుంచి జూలై మొదటి వారం దాకా మూఢం. మే, జూన్‌లలో ముహూర్తాలే లేవు. పైగా 24 నెలల లెక్కలో మొదటి ఆరు నెలలకు, చివరి ఆరు నెలలకు సగటు రాదు. వచ్చేది 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు వరకే. అంటే ఒక్కో నెలకు ఒక్కటే సాక్ష్యం, మేకు ఉన్న ఆ ఒక్క సాక్ష్యమూ మూఢం మేదే. రెండేళ్ల లెక్క అని గర్వంగా చెప్పుకుంటాం గానీ, సూచికల వరకు మన చేతిలో ఉన్నది ఒక్క ఏడాదే.

2025 మేలో ముహూర్తాలు నిండుగా ఉన్నాయి. జూన్ రెండో వారం నుంచి మళ్లీ మూఢం. కనుక జూన్ పాత సూచిక 0.45 అలాగే ఉంచి, మే ఒక్కదాన్నే మారుద్దాం. 2023 మేలో 620 చీరలు పోయాయి. ఆ ఏడాది సగటు 400తో భాగిస్తే 1.55. ఇది కొంత మోటు లెక్కే అయినా ముహూర్తాలున్న మేను చూపిస్తుంది. అయితే పన్నెండు సూచికలూ కలిపితే 12 రావాలి, ఇప్పుడు 13.05 అవుతోంది. అన్నిటినీ ఆ నిష్పత్తిలో తగ్గిస్తే మే 1.43 అవుతుంది. జూన్ 0.41, మొదట 1.30 ఉన్న ఏప్రిల్ 1.20. ఇలా తగ్గించడంలో అర్థముంది: 2024లో మేను వదిలి వేరే నెలలకు వెళ్లిన పెళ్లిళ్లు తిరిగి మేకు వస్తాయి కదా.

ఇక స్థాయి. చాలామంది చివరి సగటు 420నే వాడేస్తారు. కానీ అది 2024 సెప్టెంబరు, అక్టోబరు మధ్య నాటి స్థాయి. మే 2025 మధ్యకు ఏడున్నర నెలల దూరం, కాబట్టి ఇంకో 12 కలిపి 432 తీసుకోవాలి. ఏప్రిల్‌కు 431, జూన్‌కు 434. సూచికలతో గుణిస్తే ఏప్రిల్‌కు 517, మేకు 618, జూన్‌కు 178, మూడు నెలలకూ 1,313. మే సూచికను 0.50గానే వదిలేసి ఉంటే ఆ నెలకు 216 చీరలే తెప్పించేవాళ్లం, ముహూర్తాల మధ్యలో ర్యాకులు ఖాళీ.

ర్యాకులు ఖాళీ అయితే ఇంకో చిక్కు కూడా ఉంది. బిల్లులో పడేది అమ్మకం మాత్రమే. అడిగి లేదనిపించుకుని వెళ్లిన వాళ్లు బిల్లులో ఉండరు. సరుకు అయిపోయిన రోజులను పక్కన రాసుకోకపోతే, ఆ నెల సూచిక తక్కువగా వచ్చి మరుసటేడు కూడా తక్కువే తెప్పించమంటుంది.

ఆర్డరు రాసేముందు ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. చివరి మూడు నెలలు, అంటే 2025 జనవరి నుంచి మార్చి దాకా, దాచిపెట్టి మిగతా 21 నెలలతో వాటిని ఇదే పద్ధతిలో అంచనా వేయండి. అసలు అమ్మకాలకు అంచనా ఎంత దూరంగా ఉందో చూస్తే, 618ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. తేడా ఐదో వంతు దాకా ఉంటే, మేకు 500 ఖాయంగా చెప్పి, ఇంకో 120కి మగ్గాల వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోవడం మేలు.