పొడవైన గొలుసులు ఎన్ని?

3, 1, 5, 4, 7, 6. ఈ ఆరు అంకెలను ఆరు చీటీల మీద రాసి, బల్ల మీద ఇదే వరుసలో పరిచారనుకుందాం. ఎడమ నుంచి కుడికి వస్తూ కావలసిన చీటీలు ఏరుకోవచ్చు, అక్కర్లేనివి వదిలేయవచ్చు. వెనక్కి మాత్రం వెళ్లకూడదు. ఏరిన ప్రతి అంకె దానికి ముందు ఏరినదానికంటే పెద్దదై ఉండాలి. అలా 3, 5, 7 వస్తుంది. 1, 4, 6 కూడా వస్తుంది. నాలుగు చీటీల గొలుసు మాత్రం ఎంత వెతికినా దొరకదు.

ఇలాంటి గొలుసును గణితంలో ఆరోహణ ఉపానుక్రమం అంటారు. వాటిలో అతి పొడవైనదాన్ని ప్రోగ్రామర్లు ముద్దుగా ‘ఎల్‌ఐఎస్’ అని పిలుస్తారు. దాని పొడవు ఎంత అన్నది చాలా పాత ప్రశ్న. అంత పొడవున్న గొలుసులు మొత్తం ఎన్ని ఉన్నాయి అన్నది దాని తర్వాతి ప్రశ్న. ప్రోగ్రామింగ్ అభ్యాసానికి పేరున్న లీట్‌కోడ్‌లో ఇది 673వ లెక్క. మొదటి ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు కూడా దీని దగ్గర తడబడతారు. పొడవు కనుక్కోవడానికి ఒక్క దారి కనిపిస్తే చాలు. లెక్కపెట్టాలంటే ఏ దారినీ వదలకూడదు, ఏ దారినీ రెండుసార్లు లెక్కించకూడదు.

అన్ని గొలుసులనూ రాసుకుని లెక్కపెడదామంటే ఆరు చీటీలకే 64 రకాల ఏరివేతలు ఉంటాయి. చీటీ ఒకటి పెరిగిన ప్రతిసారీ అవి రెట్టింపవుతాయి. అందుకే గొలుసులను రాయకుండానే లెక్కపెట్టాలి. దానికి ప్రతి చీటీ కింద రెండు అంకెలు రాసుకుంటే సరిపోతుంది. ఒకటి పొడవు: సరిగ్గా ఈ చీటీతో ముగిసే గొలుసుల్లో అతి పెద్దది ఎంత? రెండోది లెక్క: అంత పొడవుతో ఇక్కడ ముగిసేవి ఎన్ని? పక్కపక్కనే నడిచే ఈ రెండు పట్టీల్లోనూ మొదట అన్నిచోట్లా 1 ఉంటుంది. ఏ చీటీ అయినా తానొక్కటే ఒక గొలుసు కదా.

ఇక నింపడమే. 3 మొదటిది కనుక దాని కింద 1, 1 అలాగే ఉంటాయి. 1కి ముందున్న 3 పెద్దది కనుక దానికీ 1, 1. తర్వాత 5 తన ఎడమవైపు చూస్తుంది. 3 చిన్నదే, దాని వెనక చేరితే పొడవు 2, లెక్క 1. ఆపై 1 వెనక చేరినా పొడవు మళ్లీ 2 కనుక లెక్క 2 అవుతుంది. 4 సంగతీ ఇదే: పొడవు 2, లెక్క 2.

అసలు కథ 7 దగ్గర ఉంది. అది మొదట 3ను చూస్తుంది: పొడవు 2, లెక్క 1. తర్వాత 1ని చూస్తుంది: పొడవు సమానం, లెక్క 2. ఇప్పుడు 5 వస్తుంది. 5 దగ్గర పొడవు 2 కనుక దాని వెనక చేరితే 3 అవుతుంది. ఇంతకంటే పొడవైన దారి దొరికిందంటే అప్పటిదాకా కూడబెట్టిన లెక్కకు విలువ పోయినట్టే. పాత 2ను చెరిపేసి, 5 కింద ఉన్న లెక్కను, అంటే మరో 2ను, ఇక్కడ రాయాలి. చివరికి 4 వస్తుంది. దాని ద్వారా వచ్చినా పొడవు 3 కనుక 4 కింద ఉన్న 2ను కలపాలి. 7 కింద పొడవు 3, లెక్క 4. చివరి చీటీ 6కు కూడా ఇలాగే 3, 4 వస్తాయి. పక్కనున్న 7 తనకంటే పెద్దది కనుక అది దాన్ని పట్టించుకోదు.

అన్నిటికంటే పెద్ద పొడవు 3. ఆ పొడవున్న చీటీలు 7, 6. వాటి లెక్కలు కలిపితే 4 + 4 = 8. చేత్తో సరిచూడటం తేలిక: 3, 1లలో ఒకటి, 5, 4లలో ఒకటి, 7, 6లలో ఒకటి ఎంచుకోవాలి. రెండు మూడుసార్లు గుణిస్తే ఎనిమిదే.

```python
def count_lis(a):
    n = len(a)
    length = [1] * n
    count = [1] * n
    for i in range(n):
        for j in range(i):
            if a[j] < a[i]:
                if length[j] + 1 > length[i]:
                    length[i] = length[j] + 1
                    count[i] = count[j]
                elif length[j] + 1 == length[i]:
                    count[i] += count[j]
    best = max(length, default=0)
    return sum(c for l, c in zip(length, count) if l == best)
```

ఈ కూడిక ఎందుకు తప్పదో కూడా చూడాలి. 7తో ముగిసే ఏ గొలుసుకైనా చివరినుంచి రెండో చీటీ ఒక్కటే ఉంటుంది. కాబట్టి 5 మీదుగా వచ్చినవి, 4 మీదుగా వచ్చినవి ఎప్పటికీ ఒకదానితో ఒకటి కలవవు. కలిపినా రెండుసార్లు లెక్కించినట్టు కాదు. ఇక 5 మీదుగా వచ్చే మేటి గొలుసులో 5 వరకూ ఉన్న భాగం కూడా అక్కడికి మేటిదే కావాలి. కాకపోతే ఆ భాగం తీసేసి పెద్దదాన్ని అతికించి, మొత్తం గొలుసునే ఇంకా పొడిగించవచ్చు. అందుకే ప్రతి చీటీ దగ్గర మేటి పొడవుకు సంబంధించిన లెక్క ఒక్కటే దాచుకుంటే చాలు, పొట్టి గొలుసుల ఊసే అక్కర్లేదు.

తప్పులు దొర్లేది ఎక్కువగా ఆ రెండు షరతుల్లోనే. పొడవు సమానమైనప్పుడు ముందు చీటీ లెక్కకు బదులు ఊరికే 1 కలిపితే 7 దగ్గర 4 రావలసిన చోట 3 వస్తుంది, మొత్తం 6 తేలుతుంది. పొడవు పెరిగినప్పుడు పాత లెక్క చెరపడం మరిచి దానికే కలుపుకుంటూ పోతే 7 దగ్గర 9, మొత్తం 18 అవుతాయి. ఆరు చీటీల ఈ చిన్న వరుస రెండు తప్పులనూ పట్టిస్తుంది. 1, 3, 5, 4, 7 అన్న వరుస మొదటి తప్పును పట్టలేదు. అక్కడ 5, 4 రెండింటి కిందా లెక్క 1 కనుక, తప్పుడు ప్రోగ్రాము కూడా సరైన జవాబు 2నే ఇస్తుంది.

సమానమైన అంకెలు వచ్చినప్పుడు మరో తిరకాసు. 2, 2, 2, 2, 2 అన్న వరుసకు జవాబు 5. ఏ 2 వెనకా మరో 2 చేరలేదు, కనుక అతి పెద్ద పొడవు 1, అలాంటివి ఐదు. ఇక్కడ లెక్కించేది చీటీలనే తప్ప వాటి మీది విలువలను కాదు. అదేవిధంగా 1, 1, 2 అన్న వరుసకు జవాబు 2. రెండు గొలుసులూ 1, 2 అనే కనిపించినా మొదటి చీటీలు వేరు. విలువలు వేరుగా ఉన్నవాటినే లెక్కించమంటే అది వేరే లెక్క, ఈ ప్రోగ్రాము దానికి పనికిరాదు.

ప్రతి చీటీ తన ముందున్న అన్నిటినీ చూస్తుంది కనుక 2,000 చీటీలకు దాదాపు 20 లక్షల పోలికలు. కంప్యూటరుకు అదొక లెక్క కాదు. లక్ష చీటీలైతే 500 కోట్ల దాకా పోతాయి, అప్పుడు ఫెన్విక్ ట్రీ అనే అమరికను ఆశ్రయిస్తారు. అందులో ప్రతి గడిలోనూ పొడవు, లెక్క జంటగా ఉంటాయి. రెండు జంటలను కలిపే పద్ధతి మాత్రం మనం చూసినదే: పొడవు ఎక్కువున్నది నిలుస్తుంది, సమానమైతే లెక్కలు కలుస్తాయి.

జవాబు ఎంత వేగంగా ఉబ్బుతుందో కూడా గుర్తుంచుకోవాలి. 3, 1, 5, 4, 7, 6 తరహాలో జంటలు పెంచుకుంటూ పోతే ఒక్కో జంటకు జవాబు రెట్టింపవుతుంది. 31 జంటలు, అంటే 62 చీటీలు చేరేసరికి అది 2,147,483,648. జావాలో `int` పట్టగలిగే అతి పెద్ద సంఖ్య 2,147,483,647. ఒకే ఒక్కటి తేడా. లెక్క పట్టీని `int`తో కడితే ఆ ప్రోగ్రాము గొలుసుల సంఖ్యను -2147483648 అని చూపిస్తుంది. `long`కు మార్చినా 63 జంటల దగ్గర, 126 చీటీలకే, అదే గతి పడుతుంది. అందుకే పెద్ద వరుసలకు జవాబును 1,000,000,007 లాంటి సంఖ్యతో భాగించి శేషం మాత్రమే చెప్పమని అడుగుతుంటారు. అప్పుడు శేషాన్ని లెక్క పట్టీకే వర్తింపజేయాలి. పొడవు పట్టీని ముట్టుకుంటే పోలికలన్నీ తారుమారవుతాయి.