రూపాయల్లోనా, దిర్హాముల్లోనా?

దుబాయ్‌లో ఏదైనా పెద్ద షాపులో మన బ్యాంకు కార్డు ఇస్తే, స్వైప్ మెషిన్ చాలాసార్లు ఒక్క క్షణం ఆగి ప్రశ్న వేస్తుంది. తెర మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి AED పక్కన దిర్హాముల్లో, రెండోది INR పక్కన రూపాయల్లో. ఏదో ఒకటి నొక్కితేనే బిల్లు ముందుకు సాగుతుంది. పరాయి ఊళ్లో మన రూపాయి లెక్క కనిపించగానే ప్రాణం లేచొస్తుంది. కౌంటర్‌లో ఉన్నవాళ్లు కూడా ‘రుపీస్‌లో కట్టండి సార్, ఎంత పడిందో ఇప్పుడే తెలిసిపోతుంది’ అంటారు. ఆ మాట నిజమే. కానీ ఆ తెలుసుకోవడానికి ఎంత కడుతున్నామో ఎవరూ చెప్పరు. గల్ఫ్‌లో ఉన్న కొడుకునో తమ్ముణ్నో చూడ్డానికి వెళ్లి నాలుగు వస్తువులు కొనుక్కునే ప్రతి తెలుగు కుటుంబానికీ ఆ సంగతి తెలిసి ఉండాలి.

ముందు మామూలు దారి చూద్దాం. మీరు దిర్హాములే నొక్కారనుకోండి. షాపుకు మెషిన్ ఇచ్చిన అక్కడి బ్యాంకు ‘ఇన్ని దిర్హాములు రావాలి’ అని వీసా లేదా మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్‌కు పంపుతుంది. దాన్ని రూపాయల్లోకి మార్చేది ఆ నెట్‌వర్కే. ఏ రోజుకారోజు ఒక మారకపు రేటు పెట్టుకుంటుంది. అది బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాలు మార్చుకునే రేటుకు చాలా దగ్గరగా ఉంటుంది. మనబోటివాళ్లకు విమానాశ్రయంలో నోట్లు మార్చే కౌంటర్ దగ్గర అలాంటి రేటు దొరకదు. అలా తేలిన రూపాయల మీద మన బ్యాంకు తన మార్కప్ కలుపుతుంది. చాలా క్రెడిట్ కార్డుల మీద అది 3.5 శాతం. ఖరీదైన కార్డులకు 2 శాతం దాకా తగ్గుతుంది, కొన్నింటికి అసలు ఉండదు. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. అంటే 3.5 శాతం అని కాగితం మీద ఉన్నది మన జేబు దగ్గరకు వచ్చేసరికి 4.13 శాతం అవుతుంది.

ఇందులో ఒక చిన్న తిరకాసు ఉంది. కార్డు పెట్టిన వెంటనే ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లోని రూపాయల అంకె చివరిది కాదు. అప్పటికి జరిగింది బ్యాంకు ‘సరే’ అనడం, అంత సొమ్మును పక్కన పెట్టడం మాత్రమే. అసలు లెక్క సాధారణంగా ఒకటి రెండు రోజుల తర్వాత షాపు బ్యాంకు నుంచి వస్తుంది, నెట్‌వర్క్ దాన్ని ప్రాసెస్ చేసిన రోజు రేటు పడుతుంది. అందుకే స్టేట్‌మెంట్‌లో అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. రూపాయల బటన్ వ్యాపారమంతా ఈ కాస్త అనిశ్చితి మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు రెండో దారి. కార్డు నంబరులో మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలు ఆ కార్డు ఏ దేశంలో, ఏ బ్యాంకు ఇచ్చిందో చెప్పేస్తాయి. మెషిన్ వాటిని చదివి, ఇది ఇండియా కార్డు అని గుర్తుపట్టి, రూపాయల అంకెను తెర మీదకు తెస్తుంది. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు, క్లుప్తంగా డీసీసీ. రూపాయలు నొక్కితే మార్పిడి నెట్‌వర్క్ దగ్గర కాకుండా షాపు కౌంటర్ దగ్గరే జరిగిపోతుంది. వీసాకు చేరేసరికే అది రూపాయల లావాదేవీ. కాబట్టి వీసా రేటు మనకు అక్కరకు రాదు. రేటు పెట్టేది షాపు బ్యాంకు, లేదా దాని తరఫున ఈ సేవ నడిపే కంపెనీ. వాళ్లు మామూలు మారకపు రేటుకు తమ వాటా కలిపి ఒక కొత్త రేటు చూపిస్తారు.

షాపువాడికి ఏది నొక్కినా దిర్హాములే వస్తాయి. వస్తువు ధర పైసా తగ్గదు, పెరగదు. మరి కౌంటర్‌లో ఎందుకంత ఉత్సాహం? ఆ కలిపిన వాటాను షాపు, దాని బ్యాంకు, డీసీసీ కంపెనీ పంచుకుంటాయి కాబట్టి. కార్డు తీసుకున్నందుకు బ్యాంకుకు ప్రతి బిల్లు మీదా కమీషన్ కట్టే షాపుకు, ఎదురు డబ్బు వచ్చే అరుదైన చోటు ఇది. విదేశీయులు ఎక్కువగా వచ్చే హోటళ్లు, మాల్స్, విమానాశ్రయ దుకాణాల్లోనే ఈ ప్రశ్న తరచుగా ఎదురవడానికి కారణం అదే.

ఒక బిల్లు వేసి చూద్దాం. వెయ్యి దిర్హాముల బట్టలు కొన్నారు. లెక్క తేలిగ్గా ఉండడానికి నెట్‌వర్క్ రేటు దిర్హాముకు 24 రూపాయలు అనుకుందాం. దిర్హాములు నొక్కితే 24,000 రూపాయలు అవుతుంది. బ్యాంకు మార్కప్ 3.5 శాతం అంటే 840 రూపాయలు, దాని మీద జీఎస్టీ 151 రూపాయల 20 పైసలు. మొత్తం 24,991 రూపాయల 20 పైసలు.

అదే బిల్లుకు రూపాయలు నొక్కారు. డీసీసీ వాటా 6 శాతం అనుకుందాం. ఇంతకంటే తక్కువా ఉంటుంది, ఎక్కువా ఉంటుంది. తెర మీద దిర్హాముకు 25 రూపాయల 44 పైసల చొప్పున 25,440 రూపాయలు కనిపిస్తుంది. రూపాయల్లోనే కట్టాం కదా, ఇక బ్యాంకు మార్కప్ ఉండదని మన ధీమా. ఇక్కడే రెండో దెబ్బ. షాపు దుబాయ్‌ది కాబట్టి లావాదేవీ రూపాయల్లో ఉన్నా అది విదేశీ లావాదేవీయే. ఇలాంటి వాటి మీద మన బ్యాంకులు చాలావరకు ఒక శాతం, కొన్ని అంతకంటే ఎక్కువ, విడిగా రుసుం వేస్తాయి. కార్డుతో ఇచ్చే చార్జీల పట్టికలో ఇది ఎక్కడో అడుగున ఉంటుంది. ఒక శాతం చొప్పున 254 రూపాయల 40 పైసలు, జీఎస్టీతో కలిపి సుమారు 300. మొత్తం 25,740 రూపాయలు. అవే బట్టలకు, ఒక్క బటన్ తేడాతో, దాదాపు 749 రూపాయలు ఎక్కువ. మార్కప్ లేని కార్డు ఉన్నవాళ్లయితే దిర్హాముల్లో 24,000తో సరిపోయేది. వాళ్లకు తేడా పదిహేను వందలు దాటుతుంది. విదేశాల్లో వాడుకోవడానికే అలాంటి కార్డు తెచ్చుకుని, అక్కడ రూపాయలు నొక్కితే తెచ్చుకున్న ప్రయోజనమే పోతుంది.

డీసీసీవాళ్ల వాదన కూడా వినాలి. ఎంత పడిందో అక్కడికక్కడే తెలుస్తుంది, తర్వాత రేటు మారినా మీకు సంబంధం లేదంటారు. అది అబద్ధం కాదు. కంపెనీ ఖర్చు మీద వెళ్లి రసీదులు జమచేయాల్సినవాళ్లకు ఖచ్చితమైన అంకె పనికొస్తుంది కూడా. కానీ దిర్హాముకూ రూపాయికీ మధ్య రేటు ఒకటి రెండు రోజుల్లో మామూలుగా ఒక శాతం కూడా కదలదు. దిర్హామును 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేశారు, కాబట్టి ఆ కదలికంతా నిజానికి డాలరు, రూపాయి మధ్య కదలికే. ఒక శాతం లోపు ముప్పును తప్పించుకోవడానికి ఆరు శాతం కట్టడం నా లెక్కలో ఏ విధంగానూ న్యాయమైన బేరం కాదు.

రూపాయల బటన్ ఎప్పుడూ నష్టమేనా? పై లెక్కలోని కార్డుకే డీసీసీ వాటా 3 శాతం పెట్టి చూడండి. 24,720 రూపాయలు, బ్యాంకు రుసుం, జీఎస్టీ కలిపితే 25,011. అప్పుడు కూడా ఇరవై రూపాయలు ఎక్కువే. వాటా సుమారు 2.9 శాతం కంటే తగ్గితేనో, మీ బ్యాంకు ఆ ఒక శాతం రుసుం వేయకపోతేనో రూపాయల దారి కలిసొస్తుంది. అది కౌంటర్ దగ్గర నిలబడి తేల్చుకునే విషయం కాదు. ‘జీరో కమీషన్’ అని రాసి ఉన్నా నమ్మవద్దు. కమీషన్ విడిగా ఉండదు, రేటులోనే కలిసి ఉంటుంది. ఈ దాపరికం సమస్య అని గుర్తించే యూరోపియన్ యూనియన్ 2019లో ఒక నిబంధన తెచ్చింది. అక్కడి దేశాల కరెన్సీల మధ్య కార్డు మీద ఇలా మార్చేటప్పుడు, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేటు కంటే ఎంత శాతం ఎక్కువ తీసుకుంటున్నారో 2020 ఏప్రిల్ నుంచి ముందే చూపించాలి.

మీకు పడిన రేటు ఎంతో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. రసీదులోని రూపాయలను దిర్హాములతో భాగించండి. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటి వెబ్‌సైట్లలోనూ మారకపు కాలిక్యులేటర్ ఉంటుంది. అందులో ఆ తేదీ వేసి, బ్యాంకు ఫీజు దగ్గర సున్నా పెడితే నెట్‌వర్క్ అసలు రేటు వస్తుంది. రెండింటి మధ్య తేడాయే వాళ్ల వాటా.

ఏటీఎం దగ్గర ఇదే ప్రశ్న ఇంకాస్త భయపెట్టే రూపంలో వస్తుంది. Accept conversion, Decline conversion అని రెండు బటన్లు ఉంటాయి. డిక్లైన్ అంటే డబ్బు రాదేమో, కార్డు లోపలే ఉండిపోతుందేమో అని జంకుతారు. అలా ఏమీ కాదు. డిక్లైన్ చేసేది మార్పిడిని మాత్రమే. నోట్లు వస్తాయి, మార్పిడి నెట్‌వర్క్ రేటుకు జరుగుతుంది. ఏటీఎం యజమాని వేసే వాడుక చార్జీ మాత్రం దీనితో పోదు, అది వేరు.

దిర్హాములు నింపుకుని తీసుకెళ్లే ఫారెక్స్ కార్డు ఉన్నవాళ్లు రూపాయలు నొక్కితే మరీ అన్యాయం. దిర్హాము ధర రూపాయల్లోకి మారి, ఆ రూపాయలు కట్టడానికి కార్డులోని దిర్హాములు మళ్లీ మారాలి. రెండు సార్లు మార్పిడి, రెండు సార్లు కోత. ఇంట్లో కూర్చుని విదేశీ హోటల్ బుక్ చేసినా, విదేశీ సైట్‌లో కొన్నా ఇదే కథ. ధర రూపాయల్లో కనిపించినా ఆ సంస్థ విదేశంలో నమోదై ఉంటే బ్యాంకు ఒక శాతం రుసుం పడవచ్చు.

చివరగా, అడగకుండా నొక్కేసే షాపుల సంగతి. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల ప్రకారం ఏ కరెన్సీలో కట్టాలో ఎంచుకునే హక్కు కార్డుదారుడిదే. షాపువాళ్లు ఆ పని తామే చేయకూడదు. అందుకే మెషిన్ మీ చేతికి ఇవ్వమని అడగండి, పిన్ కొట్టే ముందు తెర మీద AED ఉందో INR ఉందో చూడండి. రసీదు మీద రూపాయలు కనిపిస్తే అక్కడే నిలబడి ఆ బిల్లును రద్దు చేయించి, దిర్హాముల్లో మళ్లీ వేయించుకోండి. అప్పటికప్పుడైతే అది చాలా తేలిక. కుదరదంటే రసీదు దాచుకోండి. ‘కరెన్సీ నేను ఎంచుకున్నాను’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం దాని మీద అచ్చయి ఉంటుంది, సంతకం అడిగితే దాని కింద పెట్టకండి. ఇంటికొచ్చాక ఆ రసీదు పట్టుకుని మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి. అడగకుండా కరెన్సీ మార్చడం మీద అభ్యంతరం చెప్పే వీలు నెట్‌వర్క్ నిబంధనల్లోనే ఉంది.